కొలువు కింద ఐదు పుస్తకాలు

మధురై నుంచి బస్సులో వచ్చిన పుస్తకాల కట్టను చెల్లమ్మ అవ్వ ముందు చేత్తో తూచి చూసింది. తర్వాత జానతో కొలిచింది. ఆ తర్వాత కళ్ళకు అద్దుకుని దేవుడికి దండం పెట్టుకుంది.

ఆ పూట ఆమెకు కావలసింది సరిగ్గా అంత ఎత్తే. మరునాటి నుంచి నవరాత్రి. బొమ్మల కొలువు మెట్లు కట్టడానికి అటక మీద నుంచి దించిన పెద్ద బల్లకు ఒక కాలు చెదలు తినేసి పొట్టిదైపోయింది. యుద్ధం మొదలైనప్పటినుంచి రాజపాళయంలో మంచి చెక్క దొరకడం లేదు. దొరికిన చెక్క మిల్లుకే పోతోంది. ఇటుక పెడితే బల్ల ఊగింది, రెండు ఇటుకలు పెడితే వొరిగింది. దేవుడే పంపినట్టు బస్సు కండక్టరు కట్ట తెచ్చి గడపలో పెట్టి వెళ్ళాడు. పైన ఉన్న ఉత్తరం తీసి కోడలి చేతికిచ్చి, అట్ట గట్టిగా ఉన్న పుస్తకం అడుగున, మెత్తనిది పైన, చక్కగా పేర్చి బల్ల కాలు దాని మీద నిలబెట్టింది అవ్వ. బల్ల కదల్లేదు. దాని మీద ఏడు మెట్లు, మెట్ల మీద తెల్ల దుప్పటి, దుప్పటి మీద మరపాచి చెక్కబొమ్మలు, కొట్టు పెట్టుకు కూర్చున్న చెట్టియారు బొమ్మ, ఆయన పెళ్ళాం, పెళ్ళి ఊరేగింపు, ఆవు దూడ, అన్నీ ఎక్కాయి. కలశం కూడా పెట్టేసింది.

సత్రపట్టిలో మేనత్త ఇంటికి వెళ్ళిన పంకజం సాయంత్రం బండి దిగి పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చింది. ఆమె వయసు ఇరవై ఒకటి. ఈ వేసవిలోనే బి.ఏ. ముగించింది. వాళ్ళ వీధిలో బి.ఏ. చదివిన మొదటి ఆడపిల్ల.

"బస్సులో నా పుస్తకాలు వచ్చినాయంట కదా అవ్వా! ఏవి?"

"ఎక్కడికి పోతాయి? సరస్వతమ్మ కాళ్ళ కిందనే భద్రంగా ఉన్నాయి."

పంకజం దుప్పటి ఎత్తి చూసింది. బల్ల కాలి కింద ఐదు పుస్తకాలు. పైన ఊరంత కొలువు.

"అయ్యో! తియ్యి అవ్వా!"

"కలశం పెట్టినాక కొలువు కదిలిస్తారా ఎవరన్నా? బి.ఏ.లో ఇది చెప్పలేదా నీకు? విజయదశమి నాడు ఒక బొమ్మ పండుకోవాల. అంతవరకు నేను తియ్యను, నిన్ను తియ్యనియ్యను."

పంకజం నేల మీద బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఒంటి కంటితో చూసింది. పుస్తకాల వీపులు మాత్రం కనిపించాయి. చీకట్లో అక్షరాలు కూడా అందలేదు. ఏడవాలో నవ్వాలో తెలియక అలాగే పడుకుని నవ్వింది. నవ్వితే నేల మీది బియ్యపు పిండి ముగ్గు ముక్కులోకి పోయి తుమ్ము వచ్చింది. తుమ్ముకు చెట్టియారు బొమ్మ కదిలింది.

"మెల్లగా తుమ్మవే!" అని అరిచింది అవ్వ.

పుస్తకాలకు అంత తొందర ఎందుకంటే, విజయదశమి రోజే ఊళ్ళో ఆడపిల్లల బడి మొదలుకాబోతోంది. పిల్లలకు మొదటి అక్షరం దిద్దించే ఆ రోజుననే కొత్త టీచరు ఎవరో కమిటీ నిర్ణయిస్తుంది. కమిటీకి పెద్ద రామలింగ రాజా. పత్తి మండీ ఉన్న మనిషి, పంకజానికి వరసకు మామ. ఆయన మనసులో ఇంకొకరున్నారు. కుర్చీలో కూర్చోగానే కునుకు తీసే పాత అయ్యవారు. "నిద్రపోయినా మొగవాడు కదా, పిల్లలు భయపడతారు" అనేది ఆయన వాదన. పంకజానికి ఈ ఉద్యోగం రాకపోతే ఇంకొక ఊళ్ళో వెతుక్కోవడానికి ఇంట్లో ఒప్పుకోరు. చదివిన చదువంతా కొలువులో బొమ్మలా మెట్టెక్కి కూర్చోవలసిందే.

ఆ సంగతంతా ఆమె మధురై కాలేజీలో తనకు పాఠం చెప్పిన సంతానలక్ష్మి టీచరుకు రాసింది. పెళ్ళి చేసుకోకుండా, ఎవరికీ జడవకుండా ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి ఆమె. కష్టం చెప్పుకుంటే ఓదార్చే అలవాటు లేదు. పుస్తకాలు పంపే అలవాటు ఉంది.

ఉత్తరం అరవంలో ఉంది. వరండాలో కూర్చుని అవ్వ చిక్కుడుకాయలు వొలుస్తుంటే, పంకజం దాన్ని ఇంటి తెలుగు మాటల్లోకి మార్చుకుంటూ చదివింది.

"'పంకజం, నీకు ఐదు పుస్తకాలు పంపినాను. నేను రెండు తూర్లు చదవని పుస్తకం ఎవరికీ చదవమని చెప్పను. పేరున్న పుస్తకాలు ఇంకా చాలా ఉన్నాయి. అవి నీకు నలభై ఏళ్ళు వచ్చినాక చదువుకో. ఇవి ఉద్యోగంలో మొదటి మూడేళ్ళకు.'"

"మూడేళ్ళకు ఐదేనా? ఆ కాలేజీలో రోజుకొకటి చదివినట్టు చెప్పినావే!"

"విను అవ్వా. 'మొదటిది బడి నడిపే పద్ధతుల పుస్తకం. రుచి ఉండదు. హాజరు ఎట్ల పిలిచేది, గంటలు ఎట్ల పంచేది, ఒకే గదిలో రెండు తరగతులు ఉంటే ఒకదానికి రాత పని ఇచ్చి ఇంకొకదానికి పాఠం ఎట్ల చెప్పేది, అదంతా ఉంటుంది. మొదటి ఏడు నీ తెలివిని నమ్ముకోవద్దు. తెలివి కొన్నిరోజులు రాదు. పద్ధతి రోజూ వస్తుంది. బడికి పోకముందు ఒక తూరి చదువు, మూడు నెలలు పోయినాక ఇంకొక తూరి చదువు. అప్పుడే ఏ పేజీ అబద్ధమో తెలుస్తుంది.'"

"అబద్ధం ఉండే పుస్తకం ఎందుకు పంపినాది?"

"నేను వంట నేర్చుకునేటప్పుడు నువ్వు చెప్పిన కొలతలన్నీ నిజమేనా?"

అవ్వ చిక్కుడుకాయ గట్టిగా విరిచింది. "చదువు, చదువు."

"'రెండోది ఒక డాక్టరు రాసినది, పిల్లల ఒంటి సంగతి. గజ్జి, కన్ను, చెవి, ఆకలి. నేను టీచరయిన మొదటి ఏడు ఒక పిల్లను పొగరుబోతు అనుకున్నాను. ఆ పిల్లకు నల్లబల్ల కనబడలేదు, అంతే. పిల్ల జవాబు చెప్పకుంటే, మొద్దు అనే ముందు చెవి చూడు, కన్ను చూడు, పొద్దున తినిందా అడుగు. ఈ పుస్తకం మొదటినుంచి చదవద్దు. అవసరమైన పేజీ ఎక్కడుందో తెలిస్తే చాలు.'

"'మూడోది రైలు టైంటేబిల్.'"

అవ్వ చేతులు ఆగాయి. "రైలుదా?"

"అవును. 'నవ్వద్దు. ఇది పాతది, యుద్ధంలో టైములన్నీ మారిపోయినాయి, దాన్ని నమ్ముకుని స్టేషన్‌కు పోవద్దు. ఒక పేజీలో ఇంతమంది మనుషుల రోజును ఇంత చిన్నదిగా, తప్పులేకుండా ఎట్ల రాసేది అనేది దాంట్లో చూసి నేర్చుకో. బడిలో నువ్వు వేసే టైంటేబిల్ అట్లుండాల. ఇంకొక కారణం. రాజపాళయం స్టేషన్ నుంచి ఏ ఊరికైనా దారి ఉందని దాంట్లో ఉంటుంది. పోయే దారి తెలిసినవాళ్ళు భయం లేకుండా ఉన్నచోటనే ఉంటారు.'"

"నీకు లేచిపోవడం నేర్పిస్తాదా ఆమె?"

"ఉండేది నేర్పిస్తాది అవ్వా! నాలుగోది విను. 'నాలుగోది ఆడపిల్లలకు చదువు ఎందుకూ పనికిరాదని రాసిన పుస్తకం.'"

అవ్వ నోట్లో వక్కపలుకు ఆగిపోయింది. తర్వాత ఆమె ముఖం వెలిగింది. "అదొక్కటి మంచి పుస్తకం."

"'రాసినాయన మూర్ఖుడు కాదు. మూర్ఖుడి పుస్తకమైతే పంపను. బాగా రాసినాడు. నీకు వారానికి ఒకరన్నా ఈ మాటలే చెప్తారు, కానీ ఆయనంత బాగా చెప్పలేరు. గట్టి వాదన ముందే విని ఉంటే, మెత్తటి వాదన విన్నప్పుడు ఏడుపు రాదు. కోపంగా ఉన్నప్పుడు చదవద్దు. కడుపునిండా తిని చదువు. నా పుస్తకాలు నువ్వు చదవకముందు ఎవరికీ ఇయ్యొద్దు. ఈ నాలుగోది మాత్రం అడిగిన మొగవాడికి ఇయ్యి. ఎక్కడ నిజమనిపిస్తే అక్కడ పెన్సిలుతో గీత పెట్టమను. ఆ గీతలు చూసుకుంటే ఆయన ఎట్లాంటివాడో నీకు తెలిసిపోతుంది.

"'ఐదోది కథ. దొంగలు, సముద్రం, అబద్ధాలాడే ఒక ముసలి రాజు. దాంట్లో నీకు పనికొచ్చేది ఒక్క మాట లేదు. అందుకే పంపినాను. సాయంత్రం తనకోసం నవ్వుకోలేని టీచరు మరునాడు పిల్లలను కొడుతుంది. నాలుగూ అయినాక చదువు. నాకు నచ్చినాయని నీకు నచ్చాలని లేదు. నచ్చకుంటే ఎందుకో రాయి. ఆ కారణం చదవడం నాకు ఇంకా ఇష్టం.'"

అవ్వ వొలిచిన చిక్కుడు గింజలు ఎటూ పోకుండా ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. "మనిషి గట్టిదే" అంది చివరికి. పుస్తకాలు మాత్రం తియ్యలేదు.

నవరాత్రి మొదలయింది. రోజూ సాయంత్రం ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని కొలువు చూడటానికి వచ్చేవారు. అమ్మ వంటింట్లోంచి సెనగల గుగ్గిళ్ళు, అదే సుండలు, దొన్నెల్లో పెట్టి పంపితే, పంకజం కుంకుమ ఇచ్చి, దొన్నె చేతికిచ్చేది. ఎవరో దుప్పటి అంచు కింద పుస్తకాలు చూసి "ఇదేం కొత్త బొమ్మ?" అని అడిగారు. పంకజం ఉత్తరం సంగతి చెప్పింది. మరునాడు ఇంకొకరు అడిగారు. రెండు మూడు సాయంత్రాలకు ఉత్తరం ఆమెకు కంఠతా వచ్చేసింది. పుస్తకాలు తెరవకముందే, అవి ఎందుకు చదవాలో ఆ కారణాలు ఊరంతా తిరిగాయి. దొన్నెలు ఖాళీ చేస్తూ ఆడవాళ్ళు 'పోయే దారి తెలిసినవాళ్ళు' అనే మాట దగ్గర పకపకా నవ్వేవారు. కొందరు నవ్వకుండా ఊరుకునేవారు కూడా.

రామలింగ రాజా భార్య నాచ్చియార్ వచ్చిన సాయంత్రమే ముప్పు వచ్చింది. సరస్వతి బొమ్మ ముందు నిలబడి ఆమె, "అట్లయితే ఈ అయిదూ పంకజం చదివిందా పిన్నీ?" అని అవ్వను అడిగింది.

అవ్వకు మనవరాలి పేరు చెప్పగానే నాలుక నిలవదు. "చదవకుండానా! అయిదూ చదివేసి, ఇంక వద్దని బల్ల కింద పెట్టేసినాది!"

పంకజం కుంకుమ భరిణె పక్కన పెట్టి ముందుకు వచ్చింది. నోరు తెరిచేలోపు నాచ్చియార్ గుమ్మం దిగిపోయింది. ఆ రాత్రే రామలింగ రాజా దగ్గరనుంచి కబురు వచ్చింది. "విజయదశమి నాడు కమిటీ ముందర ఆ ఐదు పుస్తకాల్లో ఏముందో చెప్పమను. చెప్తే ఉద్యోగం ఆ పిల్లకే. చెప్పకుంటే అయ్యవారికి. రామలింగ మాట తప్పడు."

"ఎంత మంచి మాట!" అంది అవ్వ.

"అవ్వా, నేను ఒక్క పేజీ చదవలేదు!"

"దాంట్లో ఏముంది, కొంచెం చెప్పేసి కొంచెం దగ్గు."

ఊళ్ళో ఆ పుస్తకాలు ఇంకొకరి దగ్గర లేవు. కాగితం కరువులో అంగట్లో పంచాంగం దొరకడమే గగనం. పంకజం మళ్ళీ నేల మీద బోర్లా పడుకుంది. దీపం దగ్గరకు తెచ్చి చూసింది. మడతపడి బయటికి వచ్చిన ఒక పేజీ మూల మీద ఒక్క మాట కనిపించింది: 'దీన్నిబట్టి'. అది ఏ పుస్తకమో కూడా తెలియలేదు. దీన్నిబట్టి ఏం చెప్పాలో అంతకన్నా తెలియలేదు.

విజయదశమి పొద్దున బడి ముందు పందిరి వేశారు. తట్టల్లో బియ్యం పోసి, పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల్లులు వరసగా కూర్చున్నారు. మామిడాకుల తోరణం కింద కమిటీ. మధ్యలో రామలింగ రాజా, జరీ అంగవస్త్రం, నడుముకు వెండి మొలతాడు, ఆ మొలతాడుకు బడి తాళంచెవి. ఆయన పక్కన అయ్యవారు అప్పటికే కునుకు తీస్తున్నారు.

"రా పంకజం. చెప్పు. మొదటి పుస్తకంలో ఏముంది?"

పంకజం నిలబడింది. అవ్వ ఆడవాళ్ళ మధ్య నుంచి దగ్గమని సైగ చేసింది. పంకజానికి ఆ సైగ చూడగానే నవ్వు పొంగుకొచ్చింది. నవ్వితే భయం పోయింది.

"తెలియదు మామా. నేను ఒక్కటీ చదవలేదు. నేను చూసేలోపే మా అవ్వ వాటి మీద కొలువు పెట్టేసింది."

పందిరంతా గొల్లున నవ్వింది. అయ్యవారు ఉలిక్కిపడి లేచారు. అవ్వ కొంగు ముఖానికి కప్పుకుంది.

"అట్లయితే ఇంకేం చెప్తావు?"

"ఐదు పుస్తకాలు ఎందుకు చదవాలో చెప్తాను."

"వంట పుస్తకం ఎందుకో చెప్తే కడుపు నిండుతుందా?"

"నిండదు మామా. ఆకలి మాత్రం అవుతుంది."

నాచ్చియార్ నవ్వింది. రామలింగ రాజా భార్య వైపు చూసి మళ్ళీ ముఖం బిగించాడు. "సరి, ముందు అక్షరం దిద్దించు. పిల్లలు ఆకలితో ఉన్నారు. వాళ్ళది నిజమైన ఆకలి."

పంకజం పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టింది. చిన్న వేలు పట్టుకుని బియ్యంలో 'అ' రాయించి, "ఏం పేరు నీది?" అని అడిగేది. కర్పగం అనే పిల్ల వంతు వచ్చింది. పంకజం అడిగింది. పిల్ల మాట్లాడలేదు. మళ్ళీ అడిగింది. పిల్ల బియ్యం వైపే చూస్తోంది.

"అది మొద్దు టీచరమ్మా" అంది తల్లి, సిగ్గుతో. "ఇంట్లోనూ ఇంతే. పిలిస్తే పలకదు."

'మొద్దు అనే ముందు చెవి చూడు.' ఉత్తరం పంకజం తలలో తనంతట తానే చదువుకుంది. ఆమె లేచి పిల్ల వెనక్కి వెళ్ళి, ఎడమ పక్కన గాజులు గలగలలాడించింది. ఏమీ లేదు. కుడి పక్కన గలగలలాడించింది. ఉడుతలా చప్పున తల తిప్పింది కర్పగం. పంకజం కుడి పక్కకు వచ్చి కూర్చుని, "ఏం పేరు నీది?" అంది.

"కర్పగం!" అని అరిచింది పిల్ల. పందిరి అవతలి ఎద్దు కూడా వినేటట్టు.

తల్లి పిల్లను దగ్గరకు లాక్కుంది. "ఒక చెవి వినబడదా దీనికి?"

"డాక్టరుకు చూపించు అక్కా. పుండు ఉందేమో. బడిలో దీన్ని నా కుడిపక్క మూలన కూర్చోబెడతాను. కుడి చెవి నా వైపు ఉంటుంది." పంకజం కమిటీ వైపు తిరిగింది. "ఇది రెండో పుస్తకం మామా. అది ఎందుకో మాత్రమే తెలుసు నాకు. ఇంకా లోపల ఏముందో!"

రామలింగ రాజా గొంతు సవరించుకున్నాడు. ఒప్పుకోవాలని ఉంది, ఒప్పుకోవడం చేతకావడం లేదు. "ఇదంతా సరే. నువ్వు చదివేసినావని మీ అవ్వ చెప్పింది. నువ్వు చదవలేదంటావు. అసలు పుస్తకాలు ఉన్నాయా లేవా? నా కంటితో చూడాల."

అంతే, పందిరి అంతా లేచింది. ముందు రామలింగ రాజా, వెనక కమిటీ, వాళ్ళ వెనక పట్టుచీరలు, చంకల్లో పిల్లలు, వేళ్ళకు అంటిన బియ్యం. వీధిలో తెల్లకుక్కలు మొరగడం మొదలుపెట్టాయి. ఏదో పెళ్ళి అనుకుని ఒక నాదస్వరం ఆయన కూడా వాద్యం సంచీతో చేరాడు. ఇంట్లో అమ్మ ఇంతమందిని చూసి, సుండలు గిన్నె తెచ్చి కొలువు ముందు పెట్టి, ఇంకొక పొయ్యి వెలిగించడానికి లోపలికి పరుగెత్తింది.

రామలింగ రాజా దుప్పటి ఎత్తి వంగి చూశాడు. ఐదు పుస్తకాలు, బల్ల కాలు మోస్తూ.

"ఉన్నాయి" అన్నాడు. పైనుంచి లెక్కపెట్టుకుంటూ నాలుగోదాని దగ్గర వేలు ఆపాడు. "ఆడపిల్లలకు చదువు వద్దనేది ఇదేనా?" వేలితో కొంచెం లాగాడు.

"చెయ్యి తియ్యి రామలింగా!" అని కేక పెట్టింది అవ్వ.

బల్ల ఒక్క వెంట్రుకవాసి కదిలింది. మెట్లు గలగలమన్నాయి. పెళ్ళి ఊరేగింపు ఊగింది. ఆవు దూడను తాకింది. పై మెట్టు మీది చెట్టియారు బొమ్మ నిదానంగా, పెద్దమనిషి తరహాలో, ముందుకు వంగి, ఒక్కొక్క మెట్టూ దిగుతున్నట్టు దొర్లి, సుండలు గిన్నెలో వెల్లకిలా పడింది. విరగలేదు. సెనగల మధ్య బొజ్జ పైకి పెట్టుకుని పడుకుంది.

రామలింగ రాజా వేలు అలాగే దుప్పటి కింద ఉంది. కొలువు పాడుచేసిన పాపం తన తల మీద పడిందని ఆయన ముఖం తెల్లబోయింది.

అవ్వ ముందుకు వచ్చింది. గిన్నెలోకి చూసింది. చాలాసేపు చూసింది. మనవరాలి ముఖం చూసింది. ఆమె గెడ్డం అదిరింది, అది కోపమో కాదో ఎవరికీ తెలియలేదు.

"ఈ పొద్దు ఏం పండగ?"

"విజయదశమి పిన్నీ" అంది నాచ్చియార్.

"విజయదశమి నాడు ఏం చేస్తాము?"

"ఒక బొమ్మను పండబెడతాము."

"పండుకున్నాడు" అంది అవ్వ, గిన్నె వైపు చూపించి. "నేను పండబెట్టలేదు, తనే పోయి పండుకున్నాడు. పరుపు కూడా తనే చూసుకున్నాడు. కొలువు అయిపోయింది. కలశం కదిలిస్తున్నాను. పంకజం, నీ పుస్తకాలు తీసుకో!"

ఆ ఇంట్లో పుట్టిన నవ్వు వీధి చివరిదాకా వెళ్ళింది. నాదస్వరం ఆయన ఎందుకో తెలియకుండానే వాయించేశాడు. తలో చేయీ వేసి బొమ్మలు దించారు. కమిటీవాళ్ళు మెట్లు పట్టుకున్నారు. అయ్యవారు ఆవును దూడను జాగ్రత్తగా గుండెకు హత్తుకుని, గోడవారన కూర్చుని, వెంటనే నిద్రపోయారు. పంకజం బల్ల కింది నుంచి ఐదు పుస్తకాలూ గుండెలకు చేర్చుకుని లేచింది. పై అట్ట మీద బల్ల కాలు గుండ్రంగా అచ్చు పడింది.

రామలింగ రాజా దగ్గరకు వచ్చాడు. ఇప్పుడు ఆయన గొంతు చిన్నది. "ఆ నాలుగోది... చదవడానికి ఇస్తావా?"

పంకజం దాన్ని తీసి రెండు చేతులా ఇచ్చింది. పెన్సిలు కూడా ఇచ్చింది. "ఎక్కడ నిజమనిపిస్తే అక్కడ గీత పెట్టండి మామా. మా టీచరు మాట."

"గీతలు నేను చూస్తాను" అంది నాచ్చియార్ పక్కనుంచి.

ఆయన ఒక చేతిలో పుస్తకం, ఇంకొక చేతిలో పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. తాంబూలం పళ్ళెం ముందుకు వచ్చింది. చేతులు ఖాళీ లేవు. ఒక క్షణం ఆలోచించి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి పంకజం చేతిలో పెట్టాడు. ఆ తర్వాతే తాంబూలం తీసుకున్నాడు.

"ఒక పుస్తకం చేసి చూపించినావు, అది చాలు. సోమవారం పొద్దున్నే తెరవాల. ఆ పిల్లను కుడిపక్కన కూర్చోబెట్టు. ఆ రైలు పుస్తకం మాత్రం బడికి తేవద్దు."

"అదే ముందు తెస్తాను మామా. బడి గంటలు దాన్ని చూసే వెయ్యాల."

"ఎక్కడికైనా పోతానంటావేమోనని..."

"పోను. దారి తెలుసు కదా!"

అందరూ వెళ్ళాక, సెనగలు రాలిన నేల మీద, సగం కట్టిన బొమ్మల పెట్టెల మధ్య పంకజం కూర్చుంది. తాళంచెవి కొంగున ముడివేసుకుంది. మొదటి పుస్తకం ముందు చదవాలి. సోమవారానికి హాజరు పద్ధతి కావాలి. రేపు పొద్దున మొదలుపెడతానని ఒట్టు పెట్టుకుంది. టీచరు క్రమం క్రమమే. కానీ ఈ సాయంత్రానికి టీచరు మధురైలో ఉంది.

ఐదోది తెరిచింది. మొదటి పేజీలోనే ముసలి రాజు తన పడవ మునిగిపోలేదని, సముద్రమే పైకి లేచిందని కొలువులో వాదిస్తున్నాడు. పంకజానికి నవ్వు ఆగలేదు.

చెట్టియారు బొమ్మను తడిగుడ్డతో తుడుస్తూ అవ్వ తలెత్తింది. బొమ్మ చెవిలోంచి ఒక సెనగ తీసి నోట్లో వేసుకుంది.

"ఏందే నీకు నవ్వు? గట్టిగా చదువు, నేనూ వింటాను."